బూజు పట్టిన దాణా బస్తాలు: సప్లయర్‌కి రాస్తున్న ఉత్తరం ఒకసారి చూసి చెప్పండి

సర్జాపుర_పాడి

అందరికీ నమస్కారం. సర్జాపుర దగ్గర మాకు పాలిచ్చే ఆవులు 12 ఉన్నాయి, అన్నీ హెచ్‌ఎఫ్ క్రాస్‌లే. పోయిన 9వ తేదీన మేం ఎప్పుడూ కొనే సప్లయర్ దగ్గరే 30 బస్తాల పెల్లెట్ దాణా దించుకున్నాం. 50 కిలోల బస్తా 1,420 రూపాయలు, మొత్తం 42,600, బిల్లు ఉంది. పాత దాణా అయిపోయాక 10వ తేదీ నుంచి ఇది మొదలుపెట్టాం. మొదటి బస్తా విప్పినప్పుడే వాసన తేడా అనిపించింది, తడి గోనెసంచి వాసన. మా ఆవిడ చెయ్యి లోపలికి పెట్టి చూస్తే బస్తా నడిమధ్యలో గుప్పెడంత ఉండలు తగిలాయి, విరిస్తే లోపల తెల్లగా బూజు, కొన్నిచోట్ల పచ్చగా. ఆవులు గాబు దగ్గరికి వచ్చి మూతి పెట్టి వెనక్కి తీస్తున్నాయి. పూటకి 65 లీటర్ల దాకా వచ్చే పాలు 56కి దిగాయి. ఫోన్ చేస్తే "మీ షెడ్డులో తేమ ఉంటుంది, మా సరుకులో తప్పు లేదు" అన్నాడు. అందుకే ఉత్తరం రాసి పంపుదామని ఇలా రాశాను:

"అయ్యా, మీరు పంపిన దాణా పూర్తిగా విషం. మా ఆవులు తినడం మానేశాయి, పాలు పడిపోయాయి, మా కుటుంబం నష్టపోయింది. మీరు రైతులను మోసం చేస్తున్నారు. వెంటనే 30 బస్తాల డబ్బు, పాల నష్టం, మందుల ఖర్చు అంతా కలిపి ఇవ్వాలి. లేదంటే మీ మీద కోర్టుకు వెళతాం, మీ సంగతి అందరికీ చెబుతాం."

ఇది సరిపోతుందా? సప్లయర్ కూడా తెలుగువాడే, కాబట్టి తెలుగులోనే ఇస్తున్నా. కంపెనీకి మా అబ్బాయి ఇంగ్లీషులో మెయిల్ పెడతానన్నాడు.

వైట్‌ఫీల్డ్_శీను

అన్నా ఉత్తరం బాగుంది, ఇంకా గట్టిగా రాయండి. పచ్చ బూజు అంటే అఫ్లాటాక్సిన్, అందులో డౌట్ లేదు. అది పాలలోకి వస్తుంది, పిల్లలకి మంచిది కాదు, అది కూడా రాయండి, భయపడతాడు. అయితే మీరు అమ్మేముందు పాలు బాగా కాచేస్తే ఆ విషం పోతుంది, ఆ టెన్షన్ అక్కర్లేదు. ఇంకో మాట, వినియోగదారుల కోర్టు అని మాత్రం రాయకండి, మీరు పాలు అమ్ముకునేవాళ్ళు, వ్యాపారం కింద వస్తుంది, అక్కడ కేసు తీసుకోరు. నేరుగా పోలీసు స్టేషనే.

కోళ్ళషెడ్డు_సుధ

మాకూ ఇదే జరిగిందండీ. ఆనేకల్ దగ్గర 2 వేల బ్రాయిలర్ కోళ్ళు పెంచుతాం, వానాకాలంలో ఫీడ్‌లో ఉండలు వచ్చాయి, కోళ్ళు నీళ్ళు ఎక్కువ తాగి రెట్ట పల్చబడింది. మేం ఆ ఉండలన్నీ జల్లెడ పట్టి తీసేసి మిగతాది ఎండలో ఆరబోసి వాడేశాం. మీరు కూడా ఆరబోయండి, 30 బస్తాలు ఊరికే పారేస్తారా. ఇంతకీ ఏ బ్రాండ్ మంచిదని అడుగుతున్నారా? మేం వాడేది చెప్పమంటారా?

దాణాకొట్టు_దొడ్డబళ్ళాపుర

సుధ గారూ, ఆయన బ్రాండ్ అడగట్లేదు, ఉత్తరం చూడమంటున్నారు. పైగా ఆరబోస్తే ఆయన చేతిలో ఉన్న సాక్ష్యమే పోతుంది.

అన్నా, నేను చాలా ఏళ్ళుగా దాణా అమ్ముతున్నాను, ఇలాంటి ఉత్తరాలు నాకూ వస్తాయి, వాటిని నేనే కంపెనీకి పంపుతాను. అక్కడ ఏం జరుగుతుందో చెబుతా వినండి. "విషం", "మోసం" అన్న మాటలు చూసిన వెంటనే కంపెనీవాళ్ళు దాన్ని పక్కన పెట్టరు, లాయరుకి ఇస్తారు. ఇక బస్తా మార్చే అధికారం ఉన్న సేల్స్ ఆఫీసర్ నోరు విప్పడు. వాళ్ళకు కావాల్సింది నాలుగు విషయాలు. బిల్లు నంబరు, బస్తా మూతి దగ్గర కుట్టిన ట్యాగ్ మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఇంకా విప్పని బస్తాలు ఎన్ని. ఈ నాలుగూ లేకుండా ఎంత పెద్ద ఉత్తరం రాసినా "వివరాలు పంపండి" అన్న జవాబే వస్తుంది, ఆ జవాబుకే వారం.

మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. ముందు ట్యాగులు చూడండి, ఖాళీ అయిన బస్తాలవి కూడా. ఖాళీ సంచులు పారేశారా, ఉన్నాయా? ఒక లోడులో వచ్చినవన్నీ ఒకే బ్యాచ్ అవుతాయని అనుకోవద్దు. గోడౌన్‌లో ఒక వరుస తక్కువైతే పక్క వరుసలోంచి తీసి నింపేస్తారు.

పశువైద్యం_హెబ్బాళ

రైతు గారూ, నేను వెటర్నరీ డాక్టర్‌ని. ముందు ఆవుల సంగతి, తర్వాత ఉత్తరం. ఆ దాణా ఇప్పుడే ఆపేయండి. తాత్కాలికంగా మొక్కజొన్న పొడి, మంచి తవుడు, ఏదైనా నూనె చెక్క, మినరల్ మిక్చర్ కలిపి ఇవ్వండి, ఒక్కరోజులో మొత్తం మార్చకుండా కాస్త కాస్త పెంచుతూ పొండి. చూడి ఆవులు ఉంటే వాటికి ఆ దాణా ఒక్క గుప్పెడు కూడా వద్దు.

శీను గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, సగం లేదు. దాణాలోని అఫ్లాటాక్సిన్ బి1 ఆవు లివర్‌లో ఎం1గా మారి పాలలోకి రావడం నిజమే. తిన్న ఒక రోజులోపే పాలలో కనబడుతుంది, ఆ దాణా ఆపేస్తే నాలుగైదు రోజుల్లో దాదాపు పోతుంది. కానీ కాస్తే పోదు. పాశ్చరైజేషన్‌కీ తట్టుకుంటుంది, ఇంట్లో కాచినా తట్టుకుంటుంది. అందుకే దాణా ఆపడమే దారి, కాచడం కాదు. రెండోది, పచ్చ బూజు కనబడితే అఫ్లాటాక్సిన్ ఉన్నట్టే అని కంటితో చెప్పలేం. బూజు జాతులు చాలా ఉన్నాయి, కొన్ని ఆ విషాన్ని తయారుచేయవు. బూజు కంటికి కనబడని దాణాలో కూడా ఆ విషం ఉండొచ్చు, మిల్లులో వాడిన వేరుశనగ చెక్కతోనో మొక్కజొన్నతోనో వచ్చి ఉండొచ్చు. ల్యాబ్ రిపోర్టు లేకుండా ఉత్తరంలో ఆ మాట రాస్తే, రేపు పరీక్షలో అది రాకపోతే మీ మిగతా ఫిర్యాదు కూడా అబద్ధంలా కనబడుతుంది. మీరు చూసింది రాయండి, అదే చాలు.

రెండు ప్రశ్నలు. ఈ మధ్య పచ్చగడ్డి మార్చారా? మీ ఊళ్ళో గాలికుంటు టీకాలు ఎప్పుడు వేశారు?

సర్జాపుర_పాడి

డాక్టరమ్మ గారూ, దాణా నిన్న సాయంత్రం నుంచే ఆపేశాం. గడ్డి మార్చలేదు, అదే నేపియర్, అదే రాగి గడ్డి. టీకాలు 12వ తేదీన వేశారు. దానికీ పాలకీ సంబంధం ఉందా?

కొట్టు అన్నా, మీరు చెప్పాక వెళ్ళి ట్యాగులన్నీ చూశాను. ఖాళీ సంచులు ఉన్నాయి, మేం వాటిని పేడకీ ఎరువుకీ దాచుకుంటాం. మొత్తం 30లో 25 బస్తాలు బ్యాచ్ 417, మిగతా 5 బ్యాచ్ 402. మేం విప్పినవి 8, ఎనిమిదీ 417వే. అంటే విప్పనివి 417లో 17, 402లో 5. ఇప్పుడు 402లో ఒకటి విప్పి చూశాం. పెల్లెట్ గట్టిగా ఉంది, చేతిలో వేసుకుంటే గలగలమంటోంది, బెల్లం మడ్డి వాసన, ఒక్క ఉండ లేదు. ఆవులు గాబు నాకేశాయి. రెండు బ్యాచ్‌లూ ఒకే షెడ్డులో, ఒకే చెక్క పలకల మీద, పక్కపక్కనే ఉన్నాయి.

దాణాకొట్టు_దొడ్డబళ్ళాపుర

అన్నా, మీ ఉత్తరానికి బలం ఇదే. "మీ షెడ్డులో తేమ" అన్నదానికి జవాబు దొరికింది. ఒకే షెడ్డు, ఒకే పలకలు, ఒకే వాన, ఒక బ్యాచ్ పాడైంది, ఇంకోటి పాడవలేదు. దీన్ని ఉత్తరంలో మొదటి పేరాలోనే పెట్టండి.

ఇంకో గుర్తు కూడా చెబుతా. షెడ్డు తేమ వల్ల పాడైతే బస్తా అడుగునా గోడవైపునా మొదలవుతుంది, కింది వరుస ముందు పోతుంది, పై వరుస బాగుంటుంది, సంచికి బయట మరక కనబడుతుంది. లారీలో టార్పాలిన్ చిరిగి తడిస్తే పై బస్తాల మూతుల దగ్గర పోతుంది. మీరు చెప్పినట్టు బస్తా నడిమధ్యలో ఉండ కట్టి, చుట్టూ పొడిగా ఉంటే అది మిల్లులో వచ్చిన తప్పు కావచ్చు. పెల్లెట్ ఆవిరితో తయారవుతుంది, వేడిగా బయటికి వస్తుంది, కూలర్‌లో చల్లారాక సంచికి ఎత్తాలి. గిరాకీ ఎక్కువ ఉన్నప్పుడు సగం చల్లారిందే నింపేస్తే, లోపలి వేడికి ఆవిరి పుట్టి అక్కడే చెమ్మగిల్లి బూజు పడుతుంది. మీ బస్తాలు ఏ వరుసలోవి పాడయ్యాయో గుర్తుందా?

సర్జాపుర_పాడి

పై వరుసవే ముందు తీశాం, అవే పాడు. సంచి బయట ఎక్కడా మరక లేదు. ఫోటోలు తీశాను, బస్తా కోసి నడిమి ఉండ కనబడేట్టు.

పశువైద్యం_హెబ్బాళ

టీకాకీ పాలకీ సంబంధం ఉంది. గాలికుంటు టీకా వేశాక కొన్ని ఆవులకు ఒకటి రెండు రోజులు జ్వరం తగిలి మేత తగ్గుతుంది, పాలు కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వస్తాయి. మీకు 10న దాణా మారింది, 12న టీకా పడింది. అందుకని మీ పాలు తగ్గడంలో దాణా వంతు ఎంత, టీకా వంతు ఎంత అని నేనే కాదు, ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. మీ డైరీ సొసైటీ చీటీలు తీసి చూడండి. 10, 11 తేదీల్లో, అంటే టీకాకి ముందే పాలు తగ్గితే ఆ రెండు రోజుల లెక్క మీకు పనికొస్తుంది. 12 తర్వాతిది గొడవకి దారి తీస్తుంది.

ఉత్తరంలో "పాలు తగ్గాయి" అని రాయండి, అంకెలు ఇవ్వండి, చీటీలు జతచేయండి. "మీ దాణా వల్లే తగ్గాయి" అని మాత్రం రాయొద్దు. వాళ్ళ డాక్టర్ వచ్చి టీకా రిజిస్టర్ చూస్తే మొత్తం దాని మీదికే నెట్టేస్తాడు.

వైట్‌ఫీల్డ్_శీను

డాక్టర్ గారూ, ఇలా అన్నీ వదిలేస్తే రైతుకి మిగిలేదేంటి? పాలు తగ్గింది నిజం కదా. వాళ్ళు టీకా అంటారని మనమే ముందు తగ్గిపోతే ఎట్లా? నష్టం మొత్తం అడగాలి, తర్వాత బేరంలో తగ్గించుకోవాలి.

పశువైద్యం_హెబ్బాళ

శీను గారూ, వదిలేయమనట్లేదు. అడిగేవాటిని రెండు భాగాలు చేయమంటున్నా. బస్తాలు మార్చడం వాళ్ళు రేపే చేయగలరు, దానికి కంటికి కనబడే సాక్ష్యం చాలు. పాల నష్టానికి ల్యాబ్ రిపోర్టు కావాలి, టైము పడుతుంది. రెండూ ఒకే వాక్యంలో కలిపితే రెండోది తేలేదాకా మొదటిది కూడా ఆగిపోతుంది. ఆవులకి ఈ రాత్రి దాణా కావాలి కదా.

హోసూరురోడ్డు_వకీలు

వినియోగదారుల చట్టం గురించి శీను చెప్పింది పూర్తిగా సరికాదు. 2019 చట్టంలో వాణిజ్య అవసరానికి కొన్నవాళ్ళు వినియోగదారులు కారన్న మాట ఉంది, అది నిజమే. కానీ తన స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని తనే వాడుకున్న సరుకుని వాణిజ్యం కింద చూడరని అదే సెక్షన్ వివరణలో ఉంది. ఇంట్లోవాళ్ళే చూసుకునే 12 ఆవుల పాడి ఆ వివరణలోకి వస్తుందని నేను వాదిస్తాను. అవతలి లాయరు రాదని వాదిస్తాడు. జీతగాళ్ళు ఉన్నారా అన్నది అడుగుతారు. జిల్లా కమిషన్‌లో, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కొన్న సరుకులో లోపం ఉందో లేదో తేల్చడానికి కమిషనే ల్యాబ్‌కి పంపగలదు. అంతవరకు పోకముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు కంపెనీకి ఫిర్యాదు పంపుతారు, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. పోలీసు స్టేషన్‌కి వెళ్ళి లాభం లేదు, ఇది సరుకు నాణ్యత తగాదా.

ఉత్తరంలో "కోర్టుకు వెళతాం" అని బెదిరించడం కంటే గడువు తేదీ రాయడం మేలు. "ఫలానా తేదీలోపు జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ని ఆశ్రయిస్తాను" అని ఒక్క వాక్యం, చివర్లో.

ఎలక్ట్రానిక్‌సిటీ_కుర్రాడు

మా నాన్నకి కూడా మదనపల్లె దగ్గర ఆవులున్నాయి, అందుకే చదువుతున్నా. వాట్సాప్‌లో పంపితే చాలదా? బ్లూ టిక్ వస్తుంది కదా. ఇంకోటి, నమూనా ఎక్కడ ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి?

హోసూరురోడ్డు_వకీలు

వాట్సాప్ పంపండి, ఫోటోలు దాంట్లోనే వెళతాయి. కానీ సంతకం పెట్టిన ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి, లేదా కొట్టులో ఇచ్చి ఇంకో కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం తీసుకోండి. రేపు ఎవరో ఫోన్ మార్చారంటే బ్లూ టిక్ ఎక్కడ చూపిస్తారు.

పశువైద్యం_హెబ్బాళ

నమూనా విషయంలో చాలామంది దెబ్బతింటారు, కాస్త వివరంగా చెబుతా. బాగా బూజు పట్టిన ఉండ ఒక్కటి తీసుకుని ల్యాబ్‌కి పరుగెత్తితే లాభం లేదు. అఫ్లాటాక్సిన్ బస్తా అంతా సమానంగా ఉండదు, ఒక మూల చాలా ఎక్కువ, పక్కనే ఏమీ ఉండకపోవచ్చు. మీరు చెడ్డ ఉండ పంపితే కంపెనీ "ఏరి పంపారు" అంటుంది, మంచి గింజలు పంపితే మీకే నష్టం. అందుకని కంపెనీ మనిషి వచ్చినప్పుడు ఆయన ముందే, విప్పని 417 బస్తాల్లో ఐదారింట్లోంచి పైనా మధ్యలో అడుగునా తీసి, శుభ్రమైన పట్టా మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ సుమారు మూడు కిలోలకి తేవాలి. దాన్ని మూడు ప్యాకెట్లు చేసి, మూడింటి మీదా మీ సంతకం, ఆయన సంతకం, బ్యాచ్ నంబరు, తేదీ. ఒకటి ల్యాబ్‌కి, ఒకటి వాళ్ళకి, ఒకటి మీ దగ్గర.

ల్యాబ్‌కి పోయే దాంట్లో కొంత గాలి చొరని ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా కట్టండి, అది తేమ చూడటానికి. మిగతాది కాగితం సంచిలో వేయండి. చెమ్మ ఉన్న దాణాని ప్లాస్టిక్‌లో మూసి వారం ఉంచితే దారిలోనే ఇంకా బూజు పెరుగుతుంది, అప్పుడు ఆ రిపోర్టుకి విలువ ఉండదు. ఆడుగోడిలో పశు పోషణ జాతీయ సంస్థ ఉంది, హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది, రెండుచోట్లా ముందు ఫోన్ చేసి బయటి నమూనాలు తీసుకుంటారా, ఫీజెంత అని కనుక్కోండి. తేమ, ముడి ప్రోటీన్, ఆమ్లంలో కరగని బూడిద, అఫ్లాటాక్సిన్ బి1, ఈ నాలుగు అడగండి. పశువుల దాణాకి ఉన్న ఐఎస్ 2052 ప్రమాణం ప్రకారం తేమ 11 శాతం దాటకూడదు, బి1 కిలోకి 20 మైక్రోగ్రాములు దాటకూడదు. బూడిద ఎక్కువ వస్తే ఇసుకో మట్టో కలిసినట్టు.

కోళ్ళషెడ్డు_సుధ

అయ్యో, నేను ఆరబోయమన్నది నిజంగా సాయం చేద్దామనే అన్నానండి. ఆరబోస్తే బూజు చచ్చిపోదా?

పశువైద్యం_హెబ్బాళ

సుధ గారూ, ఎండకి తేమ పోతుంది, బూజు పెరగడం ఆగుతుంది. అప్పటికే పుట్టిన విషం ఉంటే అది అలాగే ఉంటుంది. కోళ్ళు, ముఖ్యంగా చిన్న పిల్లలు, ఆవుల కంటే దానికి త్వరగా లొంగిపోతాయి.

సర్జాపుర_పాడి

అందరికీ దండాలు. సొసైటీ చీటీలు చూశాను. 9వ తేదీ రెండు పూటలా కలిపి 130 లీటర్లు, 11వ తేదీకి 121, టీకా తర్వాత 112కి వచ్చింది. మీరు చెప్పినవన్నీ పెట్టి మళ్ళీ రాశాను, చూడండి:

"తేదీ: సెప్టెంబరు 17

దాణా సప్లయర్ గారికి,

విషయం: బ్యాచ్ 417 పశువుల దాణా నాణ్యత లేకపోవడం, బస్తాలు మార్చి ఇవ్వమని కోరడం.

అయ్యా, సెప్టెంబరు 9న మీ బిల్లు మీద 30 బస్తాల పెల్లెట్ దాణా, బస్తా 1,420 రూపాయల చొప్పున 42,600 రూపాయలకి కొన్నాను. బిల్లు కాపీ జతచేశాను. అందులో 25 బస్తాల ట్యాగ్ మీద బ్యాచ్ 417 అని, 5 బస్తాల మీద బ్యాచ్ 402 అని ఉంది.

417 బ్యాచ్‌లో ఇంతవరకు 8 బస్తాలు విప్పాము. ఎనిమిదింటిలోనూ బస్తా మధ్యలో ఉండలు కట్టి, లోపల తెల్లటి, పచ్చటి బూజు ఉంది, తడి గోనె వాసన వస్తోంది. సంచుల బయట తడి మరక లేదు. ముందుగా విప్పినవి పై వరుసవే. అదే షెడ్డులో, అవే చెక్క పలకల మీద పక్కనే ఉన్న 402 బ్యాచ్ బస్తా విప్పి చూస్తే బూజు గానీ ఉండలు గానీ లేవు, ఆవులు బాగా తింటున్నాయి. కాబట్టి ఇది మా దగ్గర నిల్వలో వచ్చిన లోపం కాదని మా అభిప్రాయం. ఫోటోలు జతచేశాను.

417 దాణా పెట్టిన రోజు నుంచి ఆవులు మేత తగ్గించాయి. మా డైరీ సొసైటీ చీటీల ప్రకారం 9వ తేదీన 130 లీటర్లు ఉన్న పాలు 11వ తేదీకి 121 అయ్యాయి. 12న మా ఊళ్ళో గాలికుంటు టీకాలు వేశారు, ఆ తర్వాత పాలు ఇంకా తగ్గి 112కి వచ్చాయి. చీటీల కాపీలు జతచేశాను. 16వ తేదీ సాయంత్రం నుంచి 417 దాణా పెట్టడం ఆపేశాము.

మా దగ్గర విప్పని 417 బస్తాలు 17 ఉన్నాయి, వాటి ఖరీదు 24,140 రూపాయలు. విప్పి సగం వాడినవి 2 ఉన్నాయి. మీరు చేయవలసినవి:

ఈ నెల 20లోపు మీ మనిషిని పంపి, మా సమక్షంలో నమూనా తీయించండి. 17 బస్తాలు, సగం వాడిన 2 బస్తాలు తీసుకెళ్ళి, 417 కాని బ్యాచ్‌వి 19 బస్తాలు మీ ఖర్చుతో మా షెడ్డుకి దించండి. పూర్తిగా వాడిన 6 బస్తాల డబ్బు, పాల నష్టం గురించి ల్యాబ్ రిపోర్టు వచ్చాక మాట్లాడుకుందాం, ఆ హక్కు నేను వదులుకోవడం లేదు.

ఈ నెల 24లోపు జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ని ఆశ్రయిస్తాను.

ఇట్లు,
(సంతకం)"

హోసూరురోడ్డు_వకీలు

బాగుంది. టీకా విషయం మీరే రాసేశారు, అది మంచిదే, రేపు దాచారని అనలేరు.

దాణాకొట్టు_దొడ్డబళ్ళాపుర

అన్నా, ఒక్క మార్పు చెబుతా. "19 బస్తాలు" దగ్గర కంపెనీ గొడవ పెడుతుంది, సగం వాడిన రెండింటికి రెండు నిండు బస్తాలు ఇవ్వరు. మిగిలిన దాణా తూకం వేసి కిలోలు రాయండి. ఇంకోటి, 402లో మిగిలినవి మార్చమని అడగకపోవడం మంచి పని చేశారు. బాగున్న సరుకు కూడా వెనక్కి పంపితే వీడికి బేరం కుదరక వంక వెతుకుతున్నాడనుకుంటారు. విప్పని 17 బస్తాల మూతి దారాలు మాత్రం ఎవరినీ ముట్టనివ్వకండి, మీ ఇంట్లోవాళ్ళని కూడా.

సర్జాపుర_పాడి

తూకం వేశాను, రెండింట్లో కలిపి 41 కిలోలు ఉంది. అది రాసి, బదులుగా 17 బస్తాలు, 41 కిలోల ధర 1,164 రూపాయలు అని మార్చాను. ఈ మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళి ఇచ్చాను, కాపీ మీద సంతకం పెట్టమంటే ముందు పెట్టనన్నాడు, స్పీడ్ పోస్టులో కూడా వస్తుందని చెబితే పెట్టాడు.

ఎలక్ట్రానిక్‌సిటీ_కుర్రాడు

అన్నా ఏమైంది? మూడు రోజులైంది, అప్‌డేట్ పెట్టండి.

సర్జాపుర_పాడి

నిన్న కంపెనీ సేల్స్ ఆఫీసర్, వాళ్ళ డాక్టర్ ఇద్దరూ వచ్చారు. ముందు షెడ్డు అంతా తిరిగారు, పలకలు ఎత్తి చూశారు, గోడ తట్టి చూశారు. 402 బస్తా పక్కన 417 బస్తా విప్పి చూపించాక ఇంకేం అనలేదు. ఆరు బస్తాల్లోంచి నమూనా తీసి మూడు ప్యాకెట్లు కట్టాం, అందరం సంతకాలు పెట్టాం. ఆఫీసర్ ఫోన్‌లో మాట్లాడి 17 బస్తాలు మారుస్తామని ఒప్పుకున్నాడు, 41 కిలోల డబ్బు వచ్చే బిల్లులో తగ్గిస్తామన్నాడు. కాగితం మీద రాయించుకున్నాను. అయిపోయిన ఆరు బస్తాల సంగతి, పాల సంగతి అడిగితే, వాళ్ళ డాక్టర్ టీకా గురించే మాట్లాడాడు, 10, 11 తేదీల చీటీ చూపిస్తే రెండు రోజుల్లో తొమ్మిది లీటర్లు మామూలుగా కూడా తగ్గొచ్చు అన్నాడు. ఆడుగోడిలో అడిగాం, నమూనా తీసుకుంటామన్నారు, సోమవారం మా అబ్బాయి ఇచ్చి వస్తాడు. 402 దాణా, మొక్కజొన్న పొడి కలిపి పెడుతున్నాం, పాలు 118కి వచ్చాయి.

వైట్‌ఫీల్డ్_శీను

చూశారా, ఆరు బస్తాలకి 8,520 రూపాయలు, దాన్ని ఎగ్గొట్టాలని చూస్తున్నారు. నేను ముందే చెప్పా, అన్నీ కలిపి అడిగి ఉండాల్సింది.

పశువైద్యం_హెబ్బాళ

118కి రావడం మంచిదే, కానీ అది దాణా మార్చినందుకా, టీకా ప్రభావం తగ్గినందుకా అంటే రెండూ కావచ్చు. రోజూ పూటపూటా పాలు రాసి ఉంచండి. రిపోర్టులో తేమ 11 దాటి వస్తే ఆ ఆరు బస్తాలకి మీ వాదన బలపడుతుంది, పాల లెక్క మాత్రం అప్పుడూ తేలిక కాదు.

దాణాకొట్టు_దొడ్డబళ్ళాపుర

కొత్త లోడు వచ్చినప్పుడు లారీ మీద ఉండగానే ట్యాగులు చూడండి అన్నా. ఒక్క 417 బస్తా కనబడినా దించనివ్వకండి, చలాన్ మీద "ఇన్ని బస్తాలు తిప్పి పంపాను" అని రాసి డ్రైవర్ సంతకం తీసుకోండి. దించాక ఏదో ఒక బస్తా మూతి విప్పి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే అదే రోజు ఫోన్ చేయండి.

సర్జాపుర_పాడి

సరే అన్నా. లోడు మంగళవారం అంటున్నారు. రిపోర్టు వచ్చాక ఇక్కడే పెడతాను.